నెల తప్పిన రెండు వారాల్లో

ఒక స్త్రీకి చివరి నెలసరి జూన్ 1న వచ్చిందనుకుందాం. 28 రోజులకోసారి క్రమంగా వచ్చే నెలసరి ఆమెది. ఆ లెక్కన గర్భం నిలిచేది జూన్ 15 ప్రాంతంలో. జూన్ 29న రావాల్సిన నెలసరి రాదు. నాలుగు రోజులు ఆగి, పరీక్ష చేసుకుని, పెద్దవాళ్లకు చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి జూలై మూడో వారం వస్తుంది. అక్కడ రాసిచ్చే మందుల్లో ఫోలిక్ యాసిడ్ తప్పకుండా ఉంటుంది. కానీ ఏ లోపం రాకుండా ఆపడానికి ఆ మాత్ర అన్నిటికన్నా అవసరమో, ఆ విషయం జూలై 13 నాటికే తేలిపోయింది. బిడ్డ మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన నాడీనాళం అప్పటికే మూసుకుంది, లేదా తెరుచుకునే ఉండిపోయింది.

గర్భం నిలిచిన మూడో వారంలో పిండం వీపు వైపు కొన్ని కణాలు మందమై పలకలా పరుచుకుంటాయి. చిలక చుట్టడానికి తమలపాకు అంచులు ఎత్తినట్టు, ఆ పలక అంచులు రెండూ పైకి లేచి ఎదురెదురుగా వంగుతాయి. 22వ రోజు ప్రాంతంలో, ముందుముందు మెడ అయ్యే చోట అవి మొదట కలుస్తాయి. అక్కడినుంచి అతుకు ఒకవైపు తలకూ, మరోవైపు నడుముకూ సాగుతుంది. తల చివర దాదాపు 25వ రోజుకూ, నడుము చివర 28వ రోజుకూ మూసుకుంటాయి. అప్పటికి పిండం పొడవు నాలుగైదు మిల్లీమీటర్లే.

తల చివర మూసుకోకపోతే మెదడులో చాలా భాగం, పుర్రె పైభాగం ఏర్పడవు. ఆ బిడ్డ బతకదు. నడుము వైపు తెరుచుకుని ఉంటే దాన్ని స్పైనా బిఫిడా అంటారు. నాళం మూసుకోని చోట దాన్ని కప్పాల్సిన వెన్నుపూసల వెనక భాగం కూడా కలవదు. తీవ్రమైన రకంలో వెన్నుపాము చర్మం కిందికి చేరకుండా వీపు మీదే తిత్తిలా బయటపడి ఉంటుంది. (వెన్నుపూసలో చిన్న చీలిక మాత్రమే ఉండే రకం చాలామందిలో కనిపిస్తుంది. దానివల్ల సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు.)

నష్టం అక్కడితో ఆగదు. బయటపడ్డ నరాలు నెలల తరబడి ఉమ్మనీటిలో నానుతూ, గర్భాశయం గోడకు రాసుకుంటూ ఇంకా దెబ్బతింటాయి. కాళ్ల కదలిక, మూత్రం, మలం మీద అదుపు తగ్గుతాయి. తెరుచుకున్న చోటు ఎంత పైన ఉంటే నష్టం అంత ఎక్కువ. మెదడు చుట్టూ ఉండే ద్రవం అక్కడినుంచి కారిపోవడంతో మెదడు వెనక భాగం కిందికి జారి, తలలో నీరు చేరుతుంది. ఐదో నెల స్కానింగ్‌లో నిపుణులు వీపుతో పాటు తల ఆకారాన్నీ చూసేది ఇందుకే. కడుపులో ఉండగానే బిడ్డ వీపును మూసే శస్త్రచికిత్స పుట్టిందీ ఈ ఆలోచనతోనే. కొందరికి దానివల్ల మేలు జరుగుతుంది. అయినా అప్పటికే పోయిన నరాలు తిరిగి రావు.

ఇందులో ఫోలేట్ పాత్ర ఏమిటి? అంచులు లేచి కలవాలంటే ఆ కొద్ది రోజుల్లో కణాలు చాలా వేగంగా విభజన చెందాలి. ప్రతి విభజనకూ కొత్త డీఎన్‌ఏ కావాలి. దాని తయారీకి ఫోలేట్ తప్పనిసరి. ఈ విటమిన్ చరిత్రలో మన దేశానికీ చోటుంది. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్, గర్భిణుల్లో ఒక రకం రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతుందని కనిపెట్టారు. అందులోని పదార్థమే ఫోలేట్ అని తర్వాత తేలింది. దాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

నాడీనాళ లోపాన్ని అది ఆపగలదని గట్టిగా రుజువైంది 1991లో. అంతకుముందు ఒక బిడ్డకు ఈ లోపం వచ్చిన తల్లులకు, గర్భానికి ముందునుంచే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూశారు. లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. మిగతా భాగం ఫోలేట్‌తో ఆగలేదు. జన్యువులు, అదుపులో లేని మధుమేహం, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ లాంటి మందులు కూడా కారణాలే. కాబట్టి మాత్ర వేసుకున్నా లోపం వస్తే తల్లిని తప్పుపట్టడం అన్యాయం.

పాలకూర, తోటకూర, పప్పుల్లో ఫోలేట్ ఉంటుంది. కానీ అది నీటిలో కరుగుతుంది, వేడికి కొంత పోతుంది. ఒంట్లో నిల్వలు పెరగడానికీ వారాలు పడుతుంది. అందుకే బిడ్డ కావాలనుకున్నప్పుడే, గర్భానికి కనీసం ఒక నెల ముందు, వీలైతే రెండు మూడు నెలల ముందునుంచి రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర మొదలుపెట్టి, మూడో నెల నిండేదాకా వేసుకోవాలి. ముందు కాన్పులో ఈ లోపం చూసినవారికి ఇది చాలదు, 4 లేదా 5 మిల్లీగ్రాములు డాక్టరు రాసివ్వాలి. వాల్‌ప్రోయేట్ వాడుతున్నవారు దాన్ని తమంతట తాము ఆపకుండా, గర్భం ఆలోచన రాగానే మందు మార్చే విషయం డాక్టరుతో మాట్లాడాలి.