పేరు ఎవరిది, వరుస ఎవరిది?

1974లో ఒక జీవశాస్త్ర పత్రికలో మైఖేల్ హాసెల్, రాబర్ట్ మే కలిసి రాసిన పరిశోధనా పత్రం వచ్చింది. ఎవరి పేరు ముందుండాలన్నది అంతకుముందు వేసవిలో ఇరవై అయిదు క్రోకే ఆటలాడి తేల్చుకున్నామని అందులోనే అచ్చువేయించారు. ఇద్దరూ సమానంగా పనిచేశారు, ఇద్దరూ స్థిరపడినవాళ్లే కాబట్టి ఆ సరదా చెల్లింది. పని సమానంగా లేనప్పుడు, రాసినవాళ్లలో ఒకరి ఉద్యోగం ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు, ఆటతో తేలదు.

మన దేశంలో వరుసకు లెక్క కూడా ఉంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది రాసిన పత్రానికి వచ్చే మార్కుల్లో మొదటి లేదా కరెస్పాండింగ్ ఆథర్‌కు 70 శాతం, మిగతావాళ్లలో ఒక్కొక్కరికి 30 శాతం. రెండో పేరుకూ అయిదో పేరుకూ తేడా లేదు కానీ మొదటి పేరుకూ రెండో పేరుకూ సగానికి పైగా తేడా. ప్రమోషన్‌కు దరఖాస్తు పెట్టే రోజున ఈ తేడా తెలిసొస్తుంది.

వరుస ఏం చెబుతుందన్నది శాస్త్రాన్ని బట్టి మారుతుంది. గణితంలో, ఆర్థికశాస్త్రంలో ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరక్రమంలో పేర్లు వేస్తారు, అక్కడ స్థానానికి అర్థం లేదు. వైద్యంలో, జీవశాస్త్రంలో మాత్రం పని ఎక్కువ చేసినవాళ్లు ముందు, ల్యాబ్ నడిపే పెద్ద చివర. ఈ రెండో పద్ధతిలోనే తగవులెక్కువ. దాన్ని ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం.

ఒక జిల్లాలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్‌కూ బడిపిల్లల పళ్ల మీది మచ్చలకూ సంబంధం మీద పరిశోధన అనుకోండి. అయిదుగురున్నారు. ఆలోచన గైడుది. నడిపింది పీహెచ్‌డీ విద్యార్థిని. లెక్కలు తేల్చింది స్టాటిస్టిక్స్ లెక్చరర్. ఊళ్లు తిరిగి నీళ్ల నమూనాలు పట్టింది ఫీల్డ్ అసిస్టెంట్. అనుమతి కాగితాల మీద సంతకం పెట్టింది హెచ్ఓడీ.

హార్వర్డ్‌లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త స్టీఫెన్ కాస్లిన్ ఇలాంటి చోట వాడుకోవడానికి వెయ్యి పాయింట్ల పద్ధతి పెట్టాడు. ఆలోచనకు 250, రాతకు 250, విశ్లేషణకు 200, ప్రయోగ రూపకల్పనకు, ఏర్పాట్లకు, నిర్వహణకు తలా 100. వంద పాయింట్లు రానివాళ్లకు పత్రం చివర కృతజ్ఞతలు, వచ్చినవాళ్లకు పేరు, ఎక్కువున్నవాళ్లు ముందు.

మన ఉదాహరణలో ఆలోచన పాయింట్లలో 150 గైడుకు, ప్రశ్నను బడిపిల్లల వైపు మళ్లించినందుకు 100 విద్యార్థినికి. రూపకల్పనలో ఇద్దరికీ నలభై నలభై, స్టాటిస్టిక్స్ లెక్చరర్‌కు 20. ఏర్పాట్లలో విద్యార్థినికి 60, ఫీల్డ్ అసిస్టెంట్‌కు 40. నిర్వహణలో తారుమారు: అసిస్టెంట్‌కు 60, ఆమెకు 40. విశ్లేషణలో స్టాటిస్టిక్స్ లెక్చరర్‌కు 120, విద్యార్థినికి 60, గైడుకు 20. రాతలో విద్యార్థినికి 150, గైడుకు 90, లెక్చరర్‌కు 10. మొత్తం కూడితే విద్యార్థిని 450, గైడు 300, లెక్చరర్ 150, అసిస్టెంట్ సరిగ్గా 100. హెచ్ఓడీకి సున్నా.

విద్యార్థిని ముందు, గైడు ఆ రంగం ఆనవాయితీ ప్రకారం చివర, మధ్యలో లెక్చరర్ అన్నది ఎవరైనా ఒప్పుకుంటారు. చిక్కంతా మిగిలిన ఇద్దరి దగ్గర.

వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ, పొడి అక్షరాల్లో ఐసీఎంజేఈ, పేరుకు నాలుగు షరతులు పెట్టింది. పనిలో చెప్పుకోదగ్గ పాలు ఉండాలి. పత్రం రాయడంలోనో సరిదిద్దడంలోనో చెయ్యి ఉండాలి. చివరి ప్రతిని ఆమోదించాలి. పత్రంలో ఏ భాగం మీద ప్రశ్న వచ్చినా జవాబు తేల్చే బాధ్యత ఒప్పుకోవాలి. నాలుగూ ఉండాలి. డబ్బు తెచ్చినంత మాత్రాన, శాఖకు పెద్ద అయినంత మాత్రాన పేరు రాదని కమిటీ విడిగా చెప్పింది. కాబట్టి హెచ్ఓడీ చోటు కృతజ్ఞతల్లో. ఆ పేరు పైన చేరిస్తే సొమ్మొకడిది సోకొకడిది అవుతుంది.

మరి అసిస్టెంట్? ఆయన వాక్యం రాయలేదు కాబట్టి రెండో షరతు దగ్గర తప్పించేయడం తేలిక. ఎక్కువచోట్ల జరిగేదీ అదే. డ్రాఫ్ట్ ఆయనకు చూపించరు, చూపించలేదు కాబట్టి చదవలేదంటారు, చదవలేదు కాబట్టి పేరు లేదంటారు. ఐసీఎంజేఈ సరిగ్గా దీన్నే కాదంది. మొదటి షరతు నెరవేర్చినవాళ్లకు మిగతావి నెరవేర్చే అవకాశం ఇవ్వాలని, షరతుల్ని తప్పించే సాధనంగా వాడకూడదని రాసింది.

ఇక్కడ గైడు చేయాల్సింది ఒక్కటే. నమూనాల సేకరణ రాసిన రెండు పేజీలు ఆయన ముందు పెట్టి, తెలుగులో చెప్పి, ‘తప్పుంటే చెప్పు బాబూ’ అనడం. ‘సార్, మేం బోరు ఆన్ చేసి అయిదు నిమిషాలు నీళ్లు వదిలేసిన తర్వాతే సీసా పట్టాం, అది ఇందులో లేదు’ అని ఆయన అన్నాడనుకోండి. పైపులో నిలిచిన నీళ్లు కావు, భూమిలోంచి వచ్చిన నీళ్లే పరీక్షించారని చెప్పే ఆధారం అదే. రెండో షరతు అక్కడే తీరింది. చివరి ప్రతిని ఆమోదించి, పత్రంలో ఏ భాగం మీద ప్రశ్న వచ్చినా జవాబు తేల్చే బాధ్యత ఒప్పుకుంటే మూడో పేరు ఆయనది.

లెక్క ఒకసారి వేసి వదిలేస్తే మళ్లీ తగవు. పత్రం పంపాక సమీక్షకులు విశ్లేషణ మొత్తం కొత్త పద్ధతిలో చేయమన్నారనుకుందాం. ఈలోగా విద్యార్థినికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. స్టాటిస్టిక్స్ లెక్చరర్ ఒక్కరే కూర్చుని అంతా తిరగరాశారు. విశ్లేషణలో ఇప్పుడు ఆమెకు 20, ఆయనకు 160. రాతలో ఆమెకు 110, ఆయనకు 50. మొత్తం ఆమెకు 370, ఆయనకు 230. ఆమె ముందున్నట్టే, కానీ దూరం తగ్గింది. ఇంకోసారి ఇలా జరిగితే వరుస మారాల్సిందే. అందుకే లెక్కను పని మొదలైనప్పుడు, నమూనాలు పూర్తయ్యాక, పత్రం పంపే ముందు, సమీక్షలు వచ్చాక మళ్లీ చూసుకోవాలి. పంపిన తర్వాత పేరు చేర్చాలన్నా తీసేయాలన్నా చాలా పత్రికలు అందరి సంతకాలూ అడుగుతాయి.

ఈ పద్ధతికి ఒక పెద్ద లోటుంది. పాయింట్లు వేసేది ఆ మనుషులే, వాళ్లలో గైడుకు బలమెక్కువ. గైడు ముందు అంకె చెప్పేస్తే విద్యార్థి తల ఊపుతుంది. అందుకని ఎవరికి వాళ్లు విడిగా అందరికీ పాయింట్లు వేసి, అన్ని కాగితాలూ ఒకేసారి బయటపెట్టాలి. తేడా పెద్దగా ఉన్న గడి దగ్గరే మాట్లాడుకోవాలి. అంకెలంటేనే ఇబ్బందైతే క్రెడిట్ అనే జాబితా ఉంది. ఆలోచన, సేకరణ, విశ్లేషణ, మొదటి డ్రాఫ్ట్ లాంటి 14 పనుల్లో ఎవరు ఏది చేశారో అందులో రాస్తారు, చాలా పత్రికలు దాన్ని పత్రంతోపాటే అచ్చువేస్తాయి. వరుసలో దాగిపోయిన అసిస్టెంట్ పని అక్కడ కనబడుతుంది. కానీ ఆ జాబితా వరుసను తేల్చదు, యూజీసీ 70 శాతాన్నీ మార్చదు.

మాట పడకపోతే పత్రిక ఎడిటర్ తీర్పు చెబుతారనుకోవద్దు. అది తమ పని కాదని, పనిచేసిన సంస్థే విచారించాలని ఐసీఎంజేఈ అంటుంది. సంస్థ ముందు నిలబడేది జ్ఞాపకం కాదు, రాతే. ‘ఈరోజు మాట్లాడుకున్న ప్రకారం వరుస ఇది, పని మారితే మళ్లీ చూద్దాం’ అని ప్రతి సమావేశం తర్వాత అందరికీ ఒక మెయిల్ పెడితే చాలు. ఆ మెయిల్ గైడు పంపకపోతే, మర్యాదగా విద్యార్థే పంపవచ్చు.