బీరే కదా అనుకునే ముందు

“బీరే కదా, విస్కీ కాదుగా!” విందుల్లో తరచూ వినిపించే ఈ మాట ఎంతవరకు నిజమో సీసా లేబులే చెబుతుంది. అందులో చూడాల్సినవి రెండు: సీసాలో ఎన్ని మిల్లీలీటర్లు ఉన్నాయి, అందులో ఆల్కహాల్ ఎంత శాతం.

శాతం పక్కన ‘వి/వి’ అని ఉంటుంది. 8% అంటే ప్రతి 100 మిల్లీలీటర్ల బీరులో 8 మిల్లీలీటర్లు అచ్చంగా ఆల్కహాలే. ఒక మిల్లీలీటరు ఆల్కహాల్ బరువు సుమారు 0.79 గ్రాములు. పది గ్రాముల ఆల్కహాల్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక ప్రామాణిక డ్రింక్‌గా లెక్కిస్తుంది. కాబట్టి మిల్లీలీటర్లను శాతంతో, ఆ వచ్చినదాన్ని 0.79తో గుణించి, వెయ్యితో భాగిస్తే డ్రింకుల లెక్క తేలిపోతుంది.

650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసా తీసుకుందాం. లేబుల్ మీద సాధారణంగా ‘8 శాతానికి మించదు’ అన్న అర్థంలో రాస్తారు. అది గరిష్ఠ పరిమితి, అసలు శాతం కొంత తక్కువ ఉండొచ్చు. అయినా లెక్కకు పై అంకె తీసుకోవడమే క్షేమం. 650 × 8 × 0.79 ÷ 1000 అంటే దాదాపు 4.1 డ్రింకులు. అదే సైజులో 5% లైట్ బీరైతే 2.6.

ఇప్పుడు విస్కీ సంగతి. మన దగ్గర ఎక్కువగా కనిపించే అంకె 42.8%. 60 మిల్లీలీటర్ల లార్జ్ పెగ్గు రెండు డ్రింకులకు సమానం. అంటే ఒక్క స్ట్రాంగ్ బీరు రెండు లార్జ్ పెగ్గులతో సమానం! 180 మిల్లీలీటర్ల క్వార్టర్ మొత్తం ఆరు డ్రింకులు. నీళ్లు, సోడా ఎంత కలిపినా ఘాటు తగ్గుతుంది తప్ప ఆల్కహాల్ తగ్గదు.

42.8% పక్కనే ‘75 డిగ్రీల ప్రూఫ్’ అని ఉంటే కంగారు పడక్కర్లేదు. అది పాత బ్రిటిష్ కొలత, అందులో 100 అంటే సుమారు 57%. అమెరికా సీసాల ప్రూఫ్ వేరు, అక్కడ 80 ప్రూఫ్ అంటే 40%. లెక్కకు ఎప్పుడూ శాతాన్నే తీసుకోవాలి. డ్రింకు కొలత కూడా దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో యూనిట్ అంటే 8 గ్రాములు, అమెరికాలో డ్రింక్ అంటే 14 గ్రాములు. అందుకే మన స్ట్రాంగ్ బీరు బ్రిటన్ లెక్కలో ఐదు యూనిట్లు, అమెరికా లెక్కలో మూడు డ్రింకులు అవుతుంది.

ఇంట్లో లెక్క తప్పేది ఎక్కువగా గ్లాసులో పోసేటప్పుడే. కంటి అంచనాతో పోసిన ‘ఒక పెగ్గు’ 90 మిల్లీలీటర్లయితే, అది రెండు కాదు, మూడు డ్రింకులు. కొలత గ్లాసుతో పోస్తేనే లెక్క నిలుస్తుంది.

శరీరం సుమారుగా గంటకు ఒక డ్రింకు చొప్పున ఆల్కహాల్‌ను ఖర్చు చేస్తుంది, ఇది మనిషిని బట్టి మారుతుంది. అంటే ఒక స్ట్రాంగ్ బీరు పూర్తిగా దిగడానికి నాలుగు గంటలు, ఒక్కోసారి అంతకుమించీ పడుతుంది. మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే వాహనం నడపడం నేరం. రెండు డ్రింకులకే చాలామంది ఆ గీత దాటే అవకాశం ఉంది. ఇక నాలుగు డ్రింకులున్న సీసా తాగినవారు బండి తాళం ముట్టుకోకూడదు.