వార్తల్లో పదం: స్పామ్ రేటు

అనంతపురంలోని ఓ స్వచ్ఛంద సంస్థ కరవు సాయం కోరుతూ ఒకేరోజు 6,000 మంది జీమెయిల్ దాతలకు లేఖ పంపిందనుకుందాం. వారిలో 12 మంది ‘స్పామ్’ మీట నొక్కారు. లెక్క 0.2 శాతమే అనిపిస్తుంది. కానీ గూగుల్ భాగించేది పంపిన లేఖలతో కాదు, ఇన్‌బాక్సుకు చేరినవాటితో. సగమే చేరితే రేటు 0.4 శాతం.

రోజుకు 5,000కు పైగా లేఖలు పంపేవారికి గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి గీత గీసింది: రేటు 0.1 శాతం లోపు ఉండాలి, 0.3ను తాకకూడదు. దాటితే లేఖలు స్పామ్‌లోకి పోవచ్చు, తిరస్కరణకూ గురికావచ్చు. వరుసగా ఏడు రోజులు 0.3కు దిగువన ఉంటేనే ఉపశమనం అడిగే అర్హత వస్తుంది.

ఈ రేటును గూగుల్ ఇచ్చే Postmaster Toolsలో రోజువారీగా చూడొచ్చు. అయితే అది ఉన్నట్టుండి సున్నాకు పడితే సంబరపడకూడదు. లేఖలన్నీ నేరుగా స్పామ్‌లోకే వెళ్తుంటే ఫిర్యాదు చేసేవారే ఉండరు. అదే సమయంలో లేఖలోని లింకులపై క్లిక్కులూ పడిపోతే జరిగింది అదేనని అనుమానించాలి. అప్పుడు ఏళ్లుగా స్పందించని చిరునామాలను జాబితా నుంచి తీసేయాలి.