మే డే పుట్టింటికే పండగ లేదు

1886 మే 1న చికాగో కార్మికులు పని ఆపేసి వీధుల్లోకి వచ్చారు. అడిగింది ఒక్కటే: రోజుకు ఎనిమిది గంటల పని. మూడు రోజుల తర్వాత హేమార్కెట్ సభ ముగుస్తుండగా పోలీసుల మీద బాంబు పడింది. విసిరిందెవరో నేటికీ తేలలేదు. అయినా నలుగురిని ఉరితీశారు. 1889లో పారిస్‌లో కలిసిన సోషలిస్టులు అందుకే మే 1ని ఎంచుకున్నారు.

అమెరికా మాత్రం ఆ తేదీ జోలికి పోలేదు. న్యూయార్క్ కార్మికులు 1882 సెప్టెంబర్‌లోనే ఊరేగింపు తీశారు. 1894లో జాతీయ సెలవు ఇవ్వాల్సి వచ్చినప్పుడు, హేమార్కెట్ నీడ పడని సెప్టెంబర్ మొదటి సోమవారమే ప్రభుత్వానికి క్షేమంగా తోచింది.

న్యూజిలాండ్‌ది అక్టోబర్. అక్కడ వడ్రంగి శామ్యూల్ పార్నెల్ ఎనిమిది గంటలకు మించి పనిచేయనని 1840లోనే భీష్మించాడు. 1890లో వెల్లింగ్టన్ తొలి ఊరేగింపులో ఎనభై ఏళ్ల ఆ ముసలాయన గుర్రపుబండిలో కూర్చుని సాగాడు.