గుర్రప్పందెంలో ధర న్యాయమైనదేనా: చెస్టర్ మైదానం చెప్పే లెక్క

గుర్రప్పందెంలో ధర అంటే గెలిచే అవకాశంపై వేసిన అంచనా. ఒక గుర్రానికి బుకీ 4/1 ఇస్తున్నాడంటే, వంద కాసినవారికి ఆ గుర్రం గెలిస్తే కాసిన వందతో పాటు నాలుగు వందలు వస్తాయి. ఈ ధరకు లాభమూ నష్టమూ లేకుండా సరిపోవాలంటే ఆ గుర్రం ఐదు పందేల్లో ఒకటి గెలవాలి. అంటే 20 శాతం అవకాశం. నిజమైన అవకాశం అంతకన్నా ఎక్కువైతే ధర కాసేవారికి అనుకూలం, తక్కువైతే నష్టం. అందువల్ల ధరను తూచేవారు ఏ గుర్రం గెలుస్తుందని కాక, నూటికి ఎన్నిసార్లు గెలుస్తుందని అడుగుతారు.

ఆ అంచనాకు మూడు ఆధారాలు ముఖ్యం. గుర్రం గతంలో ఎంత వేగంగా పరిగెత్తిందో చెప్పే స్పీడ్ ఫిగర్, నేల మెత్తదనాన్ని తెలిపే గోయింగ్, గుర్రం ఏ గేటు నుంచి బయలుదేరుతుందో చెప్పే డ్రా. ఈ మూడింటికి వేరువేరుగా మార్కులు వేసి కూడితే లెక్క తప్పుతుంది. నేల తెలియకపోతే సమయానికి అర్థం లేదు, గేటు తెలియకపోతే స్పీడ్ ఫిగర్‌కు అర్థం లేదు. ఇంగ్లండ్‌లోని చెస్టర్ మైదానంలో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది.

డీ నది ఒడ్డున ఉన్న ఈ మైదానంలో 1539 నుంచి పందేలు జరుగుతున్నాయి. చుట్టుకొలత మైలుకు కాస్త ఎక్కువ. ఎడమవైపు తిరిగే ఈ బాట దాదాపు అంతా మలుపే, చివరి నేరుబాట ఒక ఫర్లాంగు దాటి కొంచెమే ఉంటుంది. ఇక్కడి 5 ఫర్లాంగుల పందెంలో లోపలి రెయిలింగు పక్కన ఉన్న చిన్న అంకెల గేట్లకు మేలు జరుగుతుందని బ్రిటన్ పందెగాళ్లందరికీ తెలుసు.

సమయం నుంచి ఫిగర్ దాకా

గడియారం చూపిన సమయాన్ని నేరుగా పోల్చకూడదు. ఎప్సమ్‌లో 5 ఫర్లాంగుల బాట నేరుగా, పల్లానికి సాగుతుంది. అక్కడ 2012లో స్టోన్ ఆఫ్ ఫోల్కా అనే గుర్రం 53.69 సెకన్లలో పరిగెత్తింది. మలుపులున్న చెస్టర్‌లో అదే దూరానికి నిమిషం అటూఇటూ పట్టడం మామూలే. అంతమాత్రాన చెస్టర్ గుర్రాలు నాసిరకమని కాదు. అందుకే ప్రతి మైదానానికీ ప్రతి దూరానికీ ఒక ప్రామాణిక సమయాన్ని ముందు నిర్ణయించుకుంటారు. ఫలానా తరగతి గుర్రం మంచి నేల మీద మామూలుగా తీసుకునే సమయం అది. బ్రిటన్‌లో ఫిల్ బుల్ స్థాపించిన టైమ్‌ఫామ్, అమెరికాలో ఆండ్రూ బేయర్ ఈ పద్ధతికి పేరు తెచ్చారు. బేయర్ 1975లో రాసిన పుస్తకంతో స్పీడ్ ఫిగర్ సామాన్య పందెగాళ్లకు చేరింది.

లెక్క తీరు తెలియడానికి ఒక ఊహా పందెం తీసుకుందాం. చెస్టర్ 5 ఫర్లాంగులకు ప్రామాణిక సమయం 60 సెకన్లు అనుకుందాం. వాన పడి నేల మెత్తబడిన రోజున 1వ గేటు నుంచి వచ్చిన ఒక గుర్రం 61.8 సెకన్లలో గెలిచింది. దాన్ని మొదటి గుర్రం అందాం. అది 1.8 సెకన్లు ఆలస్యమైంది. ఆ ఆలస్యంలో గుర్రం వంతెంత, నేల వంతెంత?

నేల వంతు

నేల స్థితిని బ్రిటన్‌లో హార్డ్, ఫర్మ్, గుడ్, సాఫ్ట్, హెవీ వంటి మాటల్లో ప్రకటిస్తారు. దానితో పాటు గోయింగ్‌స్టిక్ అనే పరికరం ఇచ్చే అంకె కూడా ఉంటుంది. ఆ కర్రను నేలలోకి గుచ్చడానికి ఎంత బలం పట్టిందో, గుచ్చిన కర్రను పక్కకు వంచడానికి ఎంత బలం పట్టిందో అది కొలుస్తుంది. మొదటిది నేల గట్టిదనాన్ని, రెండోది వేళ్లూ మట్టీ గిట్టకు ఇచ్చే పట్టును చెబుతుంది. భారత పందేల మైదానాల్లో ఇదే పనికి పెనెట్రోమీటర్ వాడతారు. వానాకాలంలో పందేలు జరిగే హైదరాబాద్ మలక్‌పేటలో ఆ అంకె విలువ పందెగాళ్లకు చెప్పనక్కర్లేదు.

అయితే ఫిగర్ తయారుచేసేవారు పరికరం మీదే ఆధారపడరు. ఆ రోజు జరిగిన పందేల సమయాలన్నిటినీ సాక్ష్యంగా తీసుకుంటారు. మన ఊహా దినాన ఇంకో 5 ఫర్లాంగుల పందెం 1.6 సెకన్లు ఆలస్యమైంది, అంటే ఫర్లాంగుకు 0.32. మైలు పందెం 2.3 సెకన్లు ఆలస్యమైంది, అంటే ఫర్లాంగుకు 0.29. మిగతావీ ఇదే దరిదాపుల్లో ఉన్నాయి. ఒక్క మైలున్నర పందెం మాత్రం 9 సెకన్లు ఆలస్యమై, ఫర్లాంగుకు 0.75 చూపింది. నేల ఒకటే అయినప్పుడు ఈ తేడా నేలది కాదు. జాకీలు మొదట్లో గుర్రాలను నిదానంగా నడిపి చివర్లో మాత్రమే పరుగు తీయించారన్నమాట. దాన్ని లెక్కలోంచి తీసేస్తే నేల వల్ల కలిగిన ఆలస్యం ఫర్లాంగుకు సుమారు 0.30 సెకన్లని తేలుతుంది. 5 ఫర్లాంగులకు అది ఒకటిన్నర సెకను.

మొదటి గుర్రం ఆలస్యంలో ఒకటిన్నర సెకను నేలదైతే, దాని సొంత వెనకబాటు 0.3 సెకన్లే. మెత్తని నేల మీద సెకనుకు 5 లెంత్‌లు లెక్కిస్తారు. లెంత్ అంటే గుర్రం నిడివి, సుమారు 2.4 మీటర్లు. ఆ లెక్కన 0.3 సెకన్లంటే ఒకటిన్నర లెంత్. 5 ఫర్లాంగుల పందెంలో ఒక లెంత్ తేడా దాదాపు 3 పౌండ్ల బరువు తేడాకు సమానమని వాడుక. అంటే నాలుగున్నర పౌండ్లు తక్కువ. ప్రామాణిక గుర్రానికి 100 వేస్తే దీనికి 96 దాకా వస్తుంది. అదే బరువు మోసి 3 లెంత్‌లు వెనక ఐదో స్థానంలో వచ్చిన రెండో గుర్రానికి ఇంకో 9 తగ్గి 87 వస్తుంది.

ఇక్కడ పొరపాట్లకు దారులు రెండు. పందేల మధ్యలో వాన పడితే మొదటి సగానికీ రెండో సగానికీ నేల వంతు వేరుగా కట్టాలి. పచ్చికను కాపాడడానికి రెయిలింగును కొన్ని గజాలు బయటికి జరిపితే పరుగు దూరమే పెరుగుతుంది. ఆ ప్రకటన చూడనివారికి మలుపు పందేలన్నీ నిదానంగా సాగినట్టు కనిపిస్తాయి.

గేటు వంతు

రెండో గుర్రం 10వ గేటు నుంచి వచ్చింది. లోపలికి చొరబడే దారి దొరక్క మలుపంతా రెయిలింగుకు 3 మీటర్ల ఎడంగా పరిగెత్తింది. అర్ధవృత్తం తిరిగేటప్పుడు ఒక మీటరు బయటికి జరిగితే పరుగు 3.14 మీటర్లు పెరుగుతుంది. మూడు మీటర్లు జరిగితే 9.4 మీటర్లు, అంటే దాదాపు 4 లెంత్‌లు, 12 పౌండ్లు. అది ఓడింది 3 లెంత్‌ల తేడాతోనే.

ఆ పన్నెండూ కలిపి 87ను 99 చేయడం మాత్రం తొందరపాటే. గుర్రం మలుపంతా ఒకే ఎడంలో ఉండదు, గెలిచిన గుర్రం కూడా రెయిలింగుకు పూర్తిగా అంటుకుని పరిగెత్తదు. వీడియో చూసి వేసిన దూరం ఉజ్జాయింపే. జాగ్రత్తపరులు సగమే కలుపుతారు. అప్పుడు రెండో గుర్రం 93కు చేరుతుంది. రెయిలింగు దారినే కొలబద్దగా పెట్టుకున్నాం కాబట్టి, లోపలి గేటు మేలు పొందిందని మొదటి గుర్రం 96లో మళ్లీ కోత పెట్టకూడదు. అలా చేస్తే ఒకే తేడాను రెండుసార్లు లెక్కించినట్టవుతుంది.

ఈ రెండూ తర్వాతి పందెంలో మళ్లీ చెస్టర్‌లోనే తలపడుతున్నాయి. రెండో గుర్రానికి 2వ గేటు, మొదటి దానికి 9వ గేటు వచ్చాయి. మొదటి గుర్రం రెండు మీటర్ల ఎడంగా తిరగాల్సి వస్తుందనుకుంటే నష్టం 8 పౌండ్ల దాకా ఉంటుంది. అందులో సగం తీస్తే 92 మిగులుతుంది. 96, 87గా కనిపించిన జంట 92, 93గా మారింది.

లోపలి గేటు దొరికినంత మాత్రాన మేలు దక్కదు. గేటు తెరవగానే దూకే గుర్రమే రెయిలింగు దారిని పట్టుకోగలదు. నెమ్మదిగా బయలుదేరే గుర్రం అక్కడ ముందున్న గుర్రాల వెనక ఇరుక్కుపోతుంది. చిన్న నేరుబాటలో అది బయటపడేలోపు పందెం ముగుస్తుంది. కాబట్టి గేటు అంకెతో పాటు గుర్రం మొదటి ఫర్లాంగు అలవాటూ చూడాలి. లోపలి గేట్ల గుర్రాలు తప్పుకుంటే మిగతావి ఆ మేరకు రెయిలింగుకు దగ్గరవుతాయి, దానితో లెక్కా మారుతుంది. ఏ మైదానంలోనైనా పక్షపాతం ఉందో లేదో చూడాలంటే గేటువారీగా విజయాలు లెక్కపెట్టడం చాలదు. ఆ గుర్రాల ధరల ప్రకారం ఎన్ని గెలవాలో, నిజానికి ఎన్ని గెలిచాయో పోల్చాలి. పది పదిహేను పందేల్లో కనిపించిన తేడా కాకతాళీయం కావచ్చు.

ధర దగ్గరికి

ఇప్పుడు ఫిగర్లను శాతాలుగా మార్చాలి. గతంలో ఇలాంటి పందేల్లో ఇంతే ఆధిక్యంతో బరిలో దిగిన గుర్రాలు నూటికి ఎన్ని గెలిచాయో చూసి, పది గుర్రాలకూ కలిపి మొత్తం 100 అయ్యేలా పంచుతారు. రెండో గుర్రానికి 20 శాతం వచ్చిందనుకుందాం. దాని న్యాయమైన ధర 4/1. బుకీ ఇస్తున్నది 6/1.

6/1 ధరలో దాగిన అవకాశం ఏడింట ఒకటి, 14.3 శాతం. కానీ అన్ని గుర్రాల ధరల్లోని శాతాలూ కూడితే 118 వచ్చిందనుకుందాం. వందకు పైనున్న 18 బుకీ రాబడి. దాన్ని సమానంగా తీసేస్తే మార్కెట్ ఈ గుర్రానికి ఇస్తున్నది 12 శాతమే. 20 శాతమే నిజమైతే వంద పెట్టినప్పుడు సగటు లాభం 40. అవకాశం 14 శాతానికి పడిపోతే అదే ధర సగటున రెండు నష్టం తెస్తుంది.

అందుకే 20ని అలాగే నమ్మకూడదు. చెస్టర్ గేట్ల సంగతి మార్కెట్‌కు తెలుసు, ధరలో అది ముందే కలిసి ఉంది. గుర్రం శిక్షణలో ఎలా ఉందో, కాలి నొప్పి ఉందో లేదో ఫిగర్ చెప్పదు, ధర కొంత చెప్పవచ్చు. ఫిగర్ తయారీలో ప్రతి మెట్టూ ఉజ్జాయింపే. సొంత అంచనా 20కీ మార్కెట్ అంచనా 12కీ మధ్యగా 16 తీసుకుంటే న్యాయమైన ధర 5.25/1 అవుతుంది. అప్పుడు 6/1కి వంద మీద సగటున 12 మిగులుతుంది, 5/1కి నాలుగు పోతుంది. మొదటి లెక్క ప్రకారం 5/1 కూడా లాభసాటిగానే కనిపించింది. సరిదిద్దిన లెక్క అది చాలదంటోంది.

ఒక్క పందెం ఫలితం ఈ లెక్కను రుజువూ చేయదు, కొట్టివేయనూ లేదు. 16 శాతం అవకాశమున్న గుర్రం ఆరింట ఐదుసార్లు ఓడుతుంది. అంచనాలు సరైనవో కావో తెలియాలంటే 16 శాతం అని రాసుకున్న గుర్రాలన్నిటినీ కొన్ని వందల పందేల్లో చూసి, నిజంగా ఎన్ని గెలిచాయో లెక్కించాలి. తొమ్మిది శాతమే గెలిచి ఉంటే లోపం గుర్రాల్లో లేదు. నేల వంతునో గేటు వంతునో ఎక్కువగా సరిదిద్దారని అర్థం, అక్కడి నుంచే లెక్క మళ్లీ మొదలుపెట్టాలి.