గులాబీ నీళ్లు సరే... అనుమతి ఏదీ?

పొలం హద్దులు కొలవాలి. రైతు ఎఫ్-లైన్ పిటిషన్ పెట్టుకున్నాడు, చలానా కట్టాడు. సర్వేయర్ మాత్రం కదలడం లేదు. 'ఎనిమిది వేలు చూసుకో, రేపే వస్తా' అన్నాడు. రైతు నేరుగా ఏసీబీ డీఎస్పీ దగ్గరికి వెళ్లాడు.

ఇది ఫలానా వ్యక్తి కథ కాదు. వల పన్నే కేసులు ఎలా నడుస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో తెలుసుకోవడానికి ఓ ఉదాహరణ అంతే.

డీఎస్పీ ముందు ఆరా తీస్తాడు. ఆ సర్వేయర్ దగ్గర ఆ పని నిజంగా పెండింగులో ఉందా? అతని మీద రైతుకి పాత కక్షలేమైనా ఉన్నాయా? ఫిర్యాదు నిజమేననిపిస్తే ఎఫ్ఐఆర్ నమోదవుతుంది. వేరే ప్రభుత్వ శాఖల నుంచి ఇద్దరు ఉద్యోగులను మధ్యవర్తులుగా పిలుస్తారు. రైతు తెచ్చిన పదహారు అయిదొందల నోట్ల నంబర్లు రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. ఆ పొడి అంటిన వేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచితే, అప్పటిదాకా తెల్లగా ఉన్న నీళ్లు గులాబీ రంగులోకి మారతాయి. దీన్ని మధ్యవర్తుల ఎదుట ఒకసారి చేసి చూపిస్తారు కూడా. రైతుకి ఒకటే హెచ్చరిక: అతను అడిగితేనే ఇవ్వు, నీ అంతట నువ్వు చేతిలో పెట్టకు.

మర్నాడు సర్వేయర్ డబ్బు తీసుకుంటాడు. రైతు సైగ చేస్తాడు. అధికారులు లోపలికొస్తారు. చేతులు కడిగిస్తే నీళ్లు గులాబీ. ఆ నీళ్లను సీసాల్లో పోసి, సీలు వేసి, ఫోరెన్సిక్ లేబొరేటరీకి పంపుతారు. మర్నాడు పేపర్లో ఫొటో... టేబుల్ మీద నోట్లు, పక్కన సీసాలు, తల దించుకున్న మనిషి.

మనకు తెలిసేది ఇంతవరకే. అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది.

సంతకం ఎవరిది?

అవినీతి నిరోధక చట్టం (1988)లో 19వ సెక్షన్ అని ఒకటుంది. ప్రభుత్వోద్యోగి మీద లంచం కేసును కోర్టు విచారణకు స్వీకరించాలంటే, అతణ్ని ఉద్యోగం నుంచి తొలగించే అధికారం ఉన్నవారు ముందుగా అనుమతి ఇవ్వాలి. అదే ప్రాసిక్యూషన్ అనుమతి. నిజాయతీగా పనిచేసే ఉద్యోగిని గిట్టనివాళ్లు కేసులతో వేధించకుండా పెట్టిన రక్షణ ఇది. ఉద్దేశంలో తప్పేమీ లేదు. దర్యాప్తు మొదలుపెట్టడానికే ముందస్తు ఆమోదం కావాలన్న 17ఏ సెక్షన్ ఒకటి 2018లో వచ్చింది గానీ, లంచం తీసుకుంటుండగా అక్కడికక్కడే పట్టుకునే కేసులకు అది వర్తించదు. వల పన్నడానికి ఎవర్నీ అడగక్కర్లేదన్నమాట. పన్నిన తర్వాతే అడగాలి.

ల్యాబు నివేదిక వచ్చి, సాక్షుల వాంగ్మూలాలు పూర్తయ్యాక ఏసీబీ తుది నివేదికను ప్రభుత్వానికి పంపుతుంది. ఉమ్మడి రాష్ట్రం రోజుల నుంచీ ఇందులో విజిలెన్స్ కమిషన్ సలహా కూడా ఉంటుంది. ఫైలు సచివాలయంలో సంబంధిత శాఖకు చేరుతుంది. కోర్టుకు పంపడమా, శాఖాపరమైన విచారణతో సరిపెట్టడమా అన్న ప్రశ్న అక్కడ తేలాలి.

ఈలోగా మరో చిక్కు. సర్వేయర్‌ని తొలగించే అధికారం ఎవరిది? చిన్న ఉద్యోగి అయితే జిల్లా స్థాయి అధికారిది కావచ్చు, పెద్దవారైతే ప్రభుత్వానిదే. డిప్యుటేషన్ మీద వేరే శాఖకు వచ్చినవాడైతే ఫైలు మాతృశాఖను వెతుక్కుంటూ పోవాలి. పొరపాటున అధికారం లేనివారు సంతకం చేస్తే అది చెల్లదు. అలా చెల్లని అనుమతితో నడిచిన విచారణ కూడా చెల్లదని, సరైన అనుమతి తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2015లో నంజప్ప కేసులో చెప్పింది. ఏళ్ల తర్వాత మళ్లీ మొదటికి రావడమంటే ఆ రైతుకి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

సంతకం చేసే అధికారి తప్పు జరిగిందా లేదా అని తీర్పు చెప్పనక్కర్లేదు. కాగితాలన్నీ చదివి, కేసు నడపడానికి ఆధారముందా లేదా అన్నది చూస్తే చాలు. కానీ చదివినట్టు ఉత్తర్వులో కనబడాలి. ఏసీబీ పంపిన ముసాయిదా మీద కళ్లు మూసుకుని సంతకం పెడితే, 'బుర్ర పెట్టకుండా ఇచ్చిన అనుమతి' అని రేపు కోర్టులో డిఫెన్సు లాయరు పట్టుకుంటాడు. ఆ అధికారిని బోనెక్కించి, ఏయే కాగితాలు చూశారని అడుగుతాడు. అందుకని జాగ్రత్తపరుడు ఫైలు మీద ఓ సందేహం రాసి వెనక్కి పంపుతాడు. జవాబొచ్చేసరికి ఆ కుర్చీలోకి కొత్తాయన వచ్చి ఉంటాడు. ఆయన మొదటి పేజీ నుంచి చదవాలి. ఫైలును కావాలనే తొక్కిపెట్టేవారికీ ఇదే దారి పనికొస్తుంది. బయట నుంచి చూస్తే రెంటికీ తేడా తెలియదు!

గడువుంది, కానీ...

1997లో వినీత్ నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు మూడు నెలల గడువు పెట్టింది. న్యాయాధికారి సలహా తీసుకోవాల్సి వస్తే మరో నెల. 2018 సవరణతో అదే మాట చట్టంలోకే ఎక్కింది. మరి గడువు దాటితే? 2012లో సుబ్రమణ్యస్వామి కేసులో, గడువు ముగిస్తే అనుమతి ఇచ్చినట్టే భావించేలా చట్టం తెస్తే బాగుంటుందని జస్టిస్ గంగూలీ సూచించారు. 2018లో పార్లమెంటు గడువైతే రాసింది గానీ, ఆ మాట మాత్రం రాయలేదు.

ఫలితం 2022లో కనిపించింది. సీబీఐ అడిగిన దాదాపు రెండేళ్లకు అనుమతి వచ్చిన ఓ కేంద్ర ఉద్యోగి, ఆ ఆలస్యాన్నే కారణంగా చూపి కేసు కొట్టేయమన్నాడు. గడువు పాటించి తీరాల్సిందేనని, అయితే అది దాటినంత మాత్రాన కేసు పోదని సుప్రీంకోర్టు విజయ్ రాజ్‌మోహన్ కేసులో స్పష్టం చేసింది. ఆలస్యం చేసిన అధికారే జవాబు చెప్పాలంది. నిందితుడు ఆలస్యాన్ని అడ్డం పెట్టుకుని బయటపడకుండా ఇది మేలే చేసింది. ఫైలు కదిలించే యంత్రం మాత్రం ఇప్పటికీ లేదు.

ఇంకో విచిత్రం. లంచం కేసుల విచారణను రెండేళ్లలో ముగించడానికి ప్రయత్నించాలని అదే సవరణ చెబుతోంది. ఆ లెక్క మొదలయ్యేది కేసు కోర్టులో దాఖలయ్యాకే. ఫైలు సచివాలయంలో గడిపిన కాలం ఎవరి ఖాతాలోనూ పడదు.

ఆ కాలంలో సర్వేయర్ సస్పెన్షన్‌లో ఉంటాడు. తొలి నెలల్లో సగం జీతంతో సమానమైన భృతి వస్తుంది, తర్వాత అది పెరగొచ్చు. సస్పెన్షన్‌ను అలా ఏళ్లూ పూళ్లూ కొనసాగించలేరు కాబట్టి ఏదో ఒకరోజు మళ్లీ కుర్చీలో కూర్చుంటాడు. నిజంగా ఇరికించబడ్డవాడైతే? అతనికీ ఈ నిరీక్షణ శిక్షే.

అసలు దెబ్బ పడేది సాక్ష్యం మీద. గులాబీ నీళ్లు డబ్బు ముట్టుకున్నాడని మాత్రమే చెబుతాయి, అడిగాడని చెప్పవు. అడిగినట్టు చెప్పాల్సింది రైతే. 1996లో కర్నూలుకు చెందిన టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నిర్వాహకుడు అయిదొందల రూపాయల లంచం మీద ఫిర్యాదు చేశాడు. వల పన్నారు, డబ్బు దొరికింది. విచారణ మొదలయ్యేనాటికి ఫిర్యాదుదారు చనిపోయాడు. లంచం అడిగినట్టు రుజువు కాలేదంటూ 2015లో సుప్రీంకోర్టు ఆ అధికారిని నిర్దోషిగా వదిలేసింది. ఫిర్యాదుదారు చనిపోయినా, ఎదురుతిరిగినా ఇతర సాక్ష్యాలతో నిరూపించవచ్చని 2022 డిసెంబరులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ ఇతర సాక్ష్యాలంటే ప్రధానంగా పక్కనున్న మనుషులే. మన రైతు కేసులో ఇద్దరు మధ్యవర్తులు.

వాళ్లకు సమన్లు వచ్చేసరికి ఒకాయన రిటైరై కొడుకు దగ్గర ఉంటున్నాడు. రెండో ఆయన మూడు జిల్లాలు మారాడు. బోనులో నిలబడ్డాక లాయరు అడిగే మొదటి ప్రశ్న మామూలుగానే ఉంటుంది: 'ఆ రోజు ముందు కడిగించింది కుడి చెయ్యా, ఎడమ చెయ్యా?'