ఊరు మారితే రాహుకాలమూ మారుతుంది

శుక్రవారం రాహుకాలం ఎప్పుడని అడిగితే మనలో చాలామంది తడుముకోకుండా చెప్పేస్తారు: పదిన్నర నుంచి పన్నెండు. ఏ నెలైనా, ఏ ఊరైనా అదే జవాబు. హైదరాబాదులో డిసెంబరు 20 ప్రాంతంలో వచ్చే శుక్రవారం ఒకాయన కొత్త దుకాణం తెరవాలనుకున్నాడనుకోండి. పన్నెండు దాటేదాకా ఓపిగ్గా కూర్చుని, పన్నెండూ అయిదుకు కొబ్బరికాయ కొడతాడు. శాస్త్రం చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి రాహుకాలం ఇంకా తొమ్మిది నిమిషాలు మిగిలే ఉంది. రాహుకాలం పాటించాలా వద్దా అన్నది ఎవరిష్టం వాళ్లది. పాటించేవాళ్లు మాత్రం దాన్ని వదిలేసి మరో వేళను పాటిస్తున్నారన్నదే ఇక్కడి సంగతి.

అసలు నియమంలో గడియారం ఊసే లేదు. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న పగటిని ఎనిమిది సమభాగాలు చేయాలి. అందులో ఒక భాగం రాహువుది. అది ఎన్నో భాగమో వారాన్ని బట్టి ఉంటుంది. మొదటి భాగం ఏ రోజూ రాహువుకు రాదు. రెండోది సోమవారం, మూడోది శనివారం, నాలుగోది శుక్రవారం, అయిదోది బుధవారం, ఆరోది గురువారం, ఏడోది మంగళవారం, చివరిదైన ఎనిమిదోది ఆదివారం. సోమ, శని, శుక్ర, బుధ, గురు, మంగళ, ఆది అని ఈ వరసను రెండుసార్లు పైకి అనుకుంటే చాలు, నోటికి వచ్చేస్తుంది. యమగండానికి, గుళికకు కూడా ఇవే ఎనిమిది భాగాలు, వరసలే వేరు.

మరి పదిన్నర, పన్నెండు ఎక్కడివి? ఆరింటికి పొద్దు పొడిచి ఆరింటికి గుంకే రోజును ఊహించుకుని వేసిన లెక్క అది. పన్నెండు గంటల పగటిని ఎనిమిదితో భాగిస్తే గంటన్నర వస్తుంది, గుర్తుపెట్టుకోవడం తేలిక. అలాంటి రోజు ఏడాదిలో ఎన్నిసార్లు వస్తుందన్నదే చిక్కు.

ఆ డిసెంబరు శుక్రవారాన్నే లెక్కేద్దాం. హైదరాబాదులో సూర్యోదయం సుమారు 6.42కి, అస్తమయం సాయంత్రం 5.46కి. పగలు 11 గంటల 4 నిమిషాలు, అంటే 664 నిమిషాలు. ఎనిమిదితో భాగిస్తే ఒక్కో భాగం 83 నిమిషాలు. శుక్రవారానిది నాలుగో భాగం కాబట్టి ముందు మూడు భాగాలు గడవాలి. అవి 249 నిమిషాలు, అంటే 4 గంటల 9 నిమిషాలు. 6.42కి దాన్ని కలిపితే 10.51. అక్కడ రాహుకాలం మొదలై 83 నిమిషాలు నడిచి 12.14కి ముగుస్తుంది. అదే రోజు విశాఖపట్నంలో 10.32కే మొదలై 11.55కి అయిపోతుంది. రెండు ఊళ్ల గడియారాలూ ఒకే సమయం చూపిస్తాయి గానీ, తూర్పున ఉన్న విశాఖలో సూర్యుడు పంతొమ్మిది నిమిషాలు ముందే నడినెత్తికి వస్తాడు.

ఆ నడినెత్తి వేళే ఈ లెక్కకు ఇరుసు. నాలుగో భాగం ముగిసేదీ, అయిదో భాగం మొదలయ్యేదీ సరిగ్గా పగటి మధ్యలో. అంటే శుక్రవారం రాహుకాలం మిట్టమధ్యాహ్నం ముగుస్తుంది, బుధవారానిది మిట్టమధ్యాహ్నం మొదలవుతుంది. మిట్టమధ్యాహ్నమంటే పన్నెండు అని మనం అలవాటుగా అనుకుంటాం. మన గడియారాలు తిరిగేది కాకినాడ దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల రేఖ మీది సమయంతో. హైదరాబాదు దానికి నాలుగు డిగ్రీలు పడమరగా ఉండటంతో పదహారు నిమిషాలు వెనకబడుతుంది. దీనికి తోడు భూమి కక్ష్య అండాకారంలో ఉండటం, భూమి అక్షం వాలి ఉండటం వల్ల సూర్యుడి మధ్యాహ్నం ఏడాది పొడవునా ముందుకూ వెనక్కూ జరుగుతుంటుంది. ఫలితంగా హైదరాబాదులో నవంబరు మొదటి వారంలో పగటి మధ్య దాదాపు సరిగ్గా పన్నెండుకే పడుతుంది, ఫిబ్రవరి రెండో వారంలో పన్నెండున్నరకు పోతుంది. ఫిబ్రవరిలో బుధవారం పన్నెండింటికే రాహుకాలం వచ్చిందని పని ఆపుకునేవాళ్లు అరగంట ముందే ఆపేస్తున్నారన్నమాట.

మన దగ్గర తేడా ఇలా పది నిమిషాలో అరగంటో అయితే, దూరదేశాల్లో లెక్క పూర్తిగా తలకిందులవుతుంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలోని ఎడిసన్‌నే తీసుకోండి. అక్కడ వేడుకలన్నీ సెలవు చూసుకుని ఆదివారం పెట్టుకుంటారు. ఆదివారం రాహుకాలం నాలుగున్నర నుంచి ఆరు అని అలవాటు. జూన్ 20 ప్రాంతంలో ఎడిసన్‌లో సూర్యోదయం ఉదయం 5.28కి, అస్తమయం రాత్రి 8.31కి. పగలు పదిహేను గంటలు దాటింది, ఒక్కో భాగం దాదాపు 113 నిమిషాలు. ఆదివారానిది చివరి భాగం కాబట్టి రాహుకాలం 6.38 నుంచి 8.31 దాకా. ఆరు దాటాక మంచిదని ఏడింటికి నిశ్చితార్థం పెట్టుకుంటే అది నేరుగా రాహుకాలంలో పడుతుంది. డిసెంబరులో ఇంకా వింత. అక్కడ 7.18కి తెల్లవారి 4.33కే పొద్దుగుంకుతుంది. ఆదివారం రాహుకాలం 3.24కి మొదలై అస్తమయంతో ముగుస్తుంది. గోడ మీది నాలుగున్నర–ఆరు వచ్చేసరికి చీకటి పడి ఉంటుంది.

ఇంకో పొరపాటు కూడా అక్కడ తరచుగా జరుగుతుంది. భారతదేశపు పంచాంగంలోని రాహుకాలాన్ని అమెరికా గంటల్లోకి మార్చుకుంటారు. తిథి విషయంలో అలా మార్చుకోవచ్చు. చంద్రుడికీ సూర్యుడికీ మధ్య దూరాన్ని బట్టి వచ్చేది కాబట్టి తిథి ముగిసే క్షణం లోకమంతటికీ ఒకటే, గడియారంలో అంకె మాత్రమే వేరు. రాహుకాలం అలాంటిది కాదు. ఏ ఊరి పగలు ఆ ఊరిదే కాబట్టి దాన్ని మార్చడానికి లేదు, అక్కడి సూర్యోదయాస్తమయాలతో కొత్తగా కట్టుకోవాల్సిందే. ఆ వేళలు ఫోన్‌లో వాతావరణం చూపించే చోటే దొరుకుతాయి. వేసవిలో గడియారం గంట ముందుకు జరిపే పద్ధతి అందులో అప్పటికే కలిసి ఉంటుంది, మళ్లీ కలపకూడదు.

ఇంత చేసినా రెండు పంచాంగాల మధ్య రెండు మూడు నిమిషాల తేడా కనిపించవచ్చు. సూర్యబింబం పై అంచు కనిపించగానే సూర్యోదయమని కొందరు, బింబం మధ్యభాగం క్షితిజానికి వచ్చినప్పుడని కొందరు లెక్కిస్తారు. దాని ప్రభావం ఆదివారం రాహుకాలం ముగింపులో ఎక్కువ, బుధవారం ప్రారంభంలో దాదాపు ఏమీ ఉండదు. ఎందుకంటే ఉదయం ఎంత జరిగితే సాయంత్రమూ అటువైపు అంతే జరుగుతుంది, మధ్య కదలదు. ఆ రెండు నిమిషాల కోసం వాదించుకోవడం నా దృష్టిలో అనవసరం. ముందూ వెనకా అయిదు నిమిషాలు వదిలేస్తే సరిపోతుంది.

మీ చేతిలోని పంచాంగమో యాప్‌లోని పట్టికో మీ ఊరిదేనా అని తెలుసుకోవాలంటే ఆదివారం రాహుకాలం ముగిసే వేళను చూడండి. అది ఆ రోజు మీ ఊళ్లో పొద్దుగుంకే వేళతో కలవకపోతే, ఆ పట్టిక మరో ఊరికి కట్టినదే.